డబ్బా మీద 120, గోడ మీద 80: ఇంటి లోపలి పెయింటు లెక్క ఎక్కడ తప్పుతుంది

విశాఖపట్నంలో అక్టోబర్, నవంబర్ వానలు వెనక్కి తగ్గగానే పెయింటర్లకు తీరిక ఉండదు. సంక్రాంతి లోపు ఇల్లు కొత్తగా కనిపించాలని మధురవాడ నుంచి గాజువాక దాకా అందరూ ఒకేసారి పని మొదలుపెడతారు. ఒకే ఫ్లాటు చూసి ముగ్గురు పెయింటర్లు మూడు అంచనాలు చెబుతారు. ఒకరి లెక్కకూ మరొకరి లెక్కకూ మధ్య నాలుగో వంతు తేడా ఉండటం మామూలే. ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని ఇంటివాళ్లకు అనిపిస్తుంది. చాలాసార్లు కారణం అది కాదు. ముగ్గురూ కొలిచిన గోడ ఒకటే, కొలిచిన పద్ధతులు వేరు. ఆ గోడ ఎంత పెయింటు తాగుతుందన్న ఊహలు కూడా వేరు.

క్లుప్తంగా: కూలీకి కొలిచే వైశాల్యం, పెయింటు లీటర్లకు కొలిచే వైశాల్యం రెండూ ఒకటి కావు. డబ్బా మీద రాసిన చదరపు అడుగులు నునుపైన, రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత పడిన గోడకే వర్తిస్తాయి. ప్రైమర్ మానేస్తే మిగిలినట్టు కనిపించే డబ్బు పైకోటులో పోతుంది. మొత్తం ఖర్చులో పెద్ద భాగం కూలీదే కాబట్టి బ్రాండు గురించి బేరమాడటం కన్నా కొలత గురించి ముందే మాట్లాడుకోవడం ఎక్కువ పనికొస్తుంది.

## ఒకే గదికి మూడు కొలతలు

లెక్క నడవడానికి ఒక పడకగదిని తీసుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 11, నేల నుంచి స్లాబు దాకా ఎత్తు 10. గదికి మామూలు గుమ్మం ఒకటి, బాత్రూమ్ గుమ్మం ఒకటి, 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న కిటికీ ఒకటి ఉన్నాయి. ఒక గోడకు 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున వార్డ్‌రోబ్ బిగించి ఉంది. కింద చుట్టూ 4 అంగుళాల టైల్ స్కర్టింగ్ ఉంది.

మొదటి పద్ధతి నోటి లెక్క. నేల వైశాల్యాన్ని మూడున్నరతో గుణిస్తే గోడలు, సీలింగ్ కలిపి వచ్చేస్తాయంటారు. ఈ గది నేల 132 చదరపు అడుగులు, కాబట్టి 462 వస్తుంది. రెండో పద్ధతిలో టేపు పట్టి నాలుగు గోడలూ కొలుస్తారు, తలుపులు, కిటికీలు తీసేయరు. చుట్టుకొలత 46 అడుగులు, ఎత్తు 10, అంటే గోడలు 460. సీలింగ్ 132 కలిపితే 592. మూడో పద్ధతిలో రంగు పడని చోట్లన్నీ తీసేస్తారు. రెండు గుమ్మాలు, కిటికీ కలిపి 58.5, వార్డ్‌రోబ్ 42, స్కర్టింగ్ సుమారు 11.5 పోతాయి. కిటికీ ఫ్రేము గోడ బయటి వైపు బిగించి ఉంటే లోపల అరడుగు మందాన అంచులు మిగులుతాయి, వాటికి 9 కలపాలి. గోడలు 357, సీలింగ్‌తో 489.

462, 592, 489. అన్నీ ఈ గదికే. నోటి లెక్క తక్కువగా రావడం చూసి అది ఇంటివాళ్లకు లాభమనుకుంటే పొరపాటు. గది చిన్నదవుతున్నకొద్దీ నేలతో పోలిస్తే గోడ పెరుగుతుంది. 8 అడుగుల చదరపు గదిలో గోడలు, సీలింగ్ కలిపి నేలకు ఆరు రెట్లు ఉంటాయి. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున్న హాలులో నాలుగు రెట్లు కూడా ఉండవు. పైగా హాలులో వంటింటి వైపు, బాల్కనీ వైపు పెద్ద ఖాళీలు ఉంటాయి. అందుకే మూడున్నర రెట్ల సూత్రం ఫ్లాటు మొత్తానికి సుమారుగా కుదరొచ్చు. ఒక్క గదికి రంగు వేయించేటప్పుడు మాత్రం దాన్ని నమ్ముకోలేం.

## తలుపును తీసేయాలా, ఉంచాలా

592కీ 489కీ మధ్య 103 చదరపు అడుగుల తేడా ఉంది. వాదన వచ్చేది ఇక్కడే. తలుపుకు గోడ రంగు వేయనప్పుడు దానికి డబ్బు ఎందుకివ్వాలని ఇంటివాళ్లు అడుగుతారు. తలుపు చుట్టూ బ్రష్‌తో అంచు కట్టడానికి ఖాళీ గోడ మీద రోలర్ లాగడం కన్నా ఎక్కువ సేపు పడుతుందని పెయింటర్ అంటాడు. ఇద్దరి మాటా నిజమే.

కట్టడపు పనుల కొలతకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ఈ చిక్కును ఒక మధ్యేమార్గంతో విప్పింది. అర చదరపు మీటరు, అంటే సుమారు 5.4 చదరపు అడుగుల లోపు ఖాళీ అయితే ఏమీ తీసేయరు. వెంటిలేటర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం లాంటివి ఇందులోకి వస్తాయి. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా, అంటే సుమారు 32 చదరపు అడుగుల దాకా ఉంటే గోడకు ఒక్క వైపే తీసేస్తారు. రెండో వైపు తీసేయకుండా వదిలేది అంచుల పనికి బదులుగా. అందుకని ఆ అంచులను మళ్లీ విడిగా కొలవరు. 3 చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసేసి, అంచులను కొలిచి కలుపుతారు. మామూలు గుమ్మాలు, కిటికీలు ఎక్కువగా మధ్య తరగతిలోకే వస్తాయి. బాల్కనీ స్లైడింగ్ తలుపు ఒక్కటే సాధారణంగా మూడో తరగతికి చేరుతుంది.

ఈ నియమం కూలీ బిల్లు కోసం. లీటర్ల లెక్కకు దీన్ని తేకూడదు. అంచు కట్టడంలో పెయింటర్ శ్రమ ఎక్కువే కావచ్చు, తలుపు చెక్క మాత్రం గోడ పెయింటును తాగదు. కాబట్టి ఒకే గదికి రెండు కొలతలు రాసుకోవాలి. కూలీకి ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ఒకటి, సామానుకు ఖాళీలన్నీ తీసేసి మరొకటి. మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు ఒకే రేటు మాట్లాడుకున్నప్పుడు ఈ రెండూ కలిసిపోతాయి. ఖాళీలు తీసేయని 592 మీద ఆ రేటు పడితే, పూయని పెయింటుకు కూడా డబ్బు కట్టినట్టే.

## డబ్బా మీది అంకెకు అర్థం

లోపలి గోడలకు వాడే మంచి రకం ఎమల్షన్ డబ్బా మీద లీటరుకు 120 నుంచి 140 చదరపు అడుగులు అన్నట్టు రాసి ఉంటుంది. ఆ అంకెను చదివేటప్పుడు ఎన్ని కోట్లకో చూడాలి. ఎమల్షన్లకు ఎక్కువగా రెండు కోట్లు కలిపి రాస్తారు, ప్రైమర్లకు ఒక్క కోటుకే రాస్తారు. ఎమల్షన్ అంకెను ఒక్క కోటుదనుకుని మళ్లీ రెండుతో గుణిస్తే అవసరానికి రెట్టింపు డబ్బాలు ఇంటికొస్తాయి.

ఇంకో సంగతి, ఆ లీటరు నీళ్లు కలపని పెయింటు. బ్రష్‌కు వీలుగా నీళ్లు కలపమని కంపెనీలే చెబుతాయి, ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది. కలిపిన నీరు ఆరిపోతుంది, గోడ మీద మిగిలేది డబ్బాలో మొదట ఉన్న పదార్థమే. లీటరు పెయింటును 120 చదరపు అడుగుల మీద రెండు కోట్లుగా పరిస్తే తడి పొర మొత్తం 90 మైక్రాన్లు ఉంటుంది. అందులో ఆరాక మిగిలేది సుమారు మూడో వంతు, అంటే 30 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. నీళ్లు ఎక్కువ పోసి అదే లీటరును 180 చదరపు అడుగులకు సాగదీస్తే పొర 20 మైక్రాన్లకు పడిపోతుంది. కొత్తలో తేడా తెలియదు. లైటు వేసి గోడను పక్క నుంచి చూస్తే రంగు కింద పూసిన లప్పం గీతలు కనిపిస్తాయి, స్విచ్‌బోర్డు దగ్గర తడిగుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకు వస్తుంది. సామాను కూడా తానే తెచ్చే కాంట్రాక్టులో పని ముగిశాక ఖాళీ డబ్బాలు లెక్కపెట్టుకోమనేది ఇందుకే. గోడ వైశాల్యాన్ని వాడిన లీటర్లతో భాగిస్తే ఎంత సాగదీశారో తెలిసిపోతుంది.

ఎరుపు, ముదురు పసుపు లాంటి షేడ్లకు ఈ అంకెలు కుదరవు. లేత రంగులకు కింది గోడను కప్పే శక్తి తెల్లటి టైటానియం డయాక్సైడ్ నుంచి వస్తుంది. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో అది తక్కువగా ఉంటుంది, కొన్నిట్లో అసలు ఉండదు. అందుకే ఒక్క గోడకు ముదురు రంగు వేయించాలనుకుంటే ఆ గోడ వరకు మూడో కోటు లెక్కలో పెట్టుకోవాలి.

## గోడ తాగే పెయింటు

కొత్త ఫ్లాటులో సిమెంటు ప్లాస్టరింగ్ మీద లప్పం, అంటే వాల్ పుట్టీ, రెండు కోట్లు వేసి ఉప్పుకాగితంతో రుద్దుతారు. చేత్తో తడిమితే గాజులా నునుపుగా ఉంటుంది. నునుపుగా ఉందని పీల్చుకోదనుకోకూడదు. తెల్ల సిమెంటుతో చేసిన పుట్టీలో కంటికి కనిపించని సందులు నిండుగా ఉంటాయి, పైన రుద్దినప్పుడు లేచిన పొడి ఉంటుంది. నేరుగా ఎమల్షన్ వేస్తే ఆ సందులు నీటితో పాటు పెయింటును పట్టి ఉంచే బైండర్‌ను కూడా లాగేస్తాయి. పైన మిగిలేది బైండర్ తగ్గిన బలహీనమైన పొర. లప్పం మందంగా పడ్డ చోట ఎక్కువ, పలుచగా పడ్డ చోట తక్కువ పీల్చుకుంటుంది కాబట్టి రంగు మచ్చలుగా తేలుతుంది. వాటిని కప్పడానికి మరో కోటు పడుతుంది.

ప్రైమర్ చేసే పని ఈ పీల్చుడును ముందే తీర్చడం. అందుకే ప్రైమర్ లీటరు ఒక్క కోటుకు 120 చదరపు అడుగుల దగ్గరే ఆగిపోతుంది. దాని మీద ఎమల్షన్ కోటు అయితే లీటరుకు 240 దాకా వెళ్తుంది. గోడ దాహం తక్కువ ధర సరుకుతో తీరిపోతుందన్నమాట.

మన గదిలోని 357 చదరపు అడుగుల గోడకు దీన్ని పెట్టి చూద్దాం. ప్రైమర్ లీటరు 150 రూపాయలు, ఎమల్షన్ 400 అనుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న ధరలు, దుకాణంలో చెప్పిన ధర పెట్టి మార్చుకోవచ్చు. ప్రైమర్ వేస్తే దానికి 3 లీటర్లు, ఎమల్షన్ రెండు కోట్లకు 3 లీటర్లు పడతాయి. మొత్తం 1,650 రూపాయలు. ప్రైమర్ మానేస్తే మొదటి కోటు లీటరుకు 140, రెండోది 200 చదరపు అడుగులే వచ్చాయనుకుందాం. 4.3 లీటర్లు దాటుతుంది, అంటే లీటరుకు 82 చదరపు అడుగులే. ఖర్చు 1,700 పైన. మచ్చలు కప్పడానికి మూడో కోటు వేస్తే దాదాపు 5.8 లీటర్లు, 2,330 రూపాయలు, దాని కూలీ అదనం. ప్రైమర్‌కు 450 మిగిలిందన్న సంతోషం రెండో కోటుకే అయిపోతుంది.

ఇదివరకే ఎమల్షన్ ఉండి, పెచ్చులు లేకుండా గట్టిగా ఉన్న గోడ సంగతి వేరు. పాత పొరే ప్రైమర్ పని చేస్తుంది. పగుళ్లు పూడ్చి లప్పం పెట్టిన చోట్ల మాత్రం ప్రైమర్ రాసి, మిగతా గోడంతా ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది రెండు కోట్లు వేస్తే చాలు. అక్కడ లీటరుకు 130 వస్తుంది. అలాంటి గోడకు కూడా మొత్తం లప్పం, మొత్తం ప్రైమర్ అని అంచనా రాస్తే ఎందుకో అడగాలి. పాతనగరంలోని సున్నం గోడలది దీనికి పూర్తిగా ఎదురు. అరచేత్తో రాస్తే తెల్ల పొడి అంటుకునే గోడ మీద ఏది వేసినా ఆ పొడితో సహా ఊడుతుంది. ముందు గీకించాలి, ఆ గీకుడు కూలీ చాలా అంచనాల్లో కనిపించదు.

గోడ ఏ రకమో తెలుసుకోవడానికి స్పాంజి చాలు. తడిపి గోడకు ఒకసారి అద్దితే, నీరు కొన్ని క్షణాల్లో ఇంకిపోయి ఆ చోటు నల్లబడితే అది దాహమున్న గోడ. నీరు చుక్కలుగా జారితే పాత పొర ఇంకా పని చేస్తోందని అర్థం. ప్రతి గదిలో రెండు మూడు చోట్ల చూడాలి, ముఖ్యంగా కిటికీ కింద.

## సముద్రం పక్క ఊళ్లో చెమ్మ లెక్క

తాగే గోడకు ప్రైమర్ ఉంది. తడిసిన గోడకు ఏ డబ్బా పనికిరాదు. విశాఖలో ఈ రెండింటినీ వేరు చేయడం కొంచెం కష్టం, ఎందుకంటే గాలిలోనే తేమ ఎక్కువ. ఒక అడుగు చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేస్తే విషయం తేలుతుంది. ముక్క లోపలి వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటి వైపు మాత్రమే పడితే అది గాలిలోని తేమ.

సంక్రాంతి ముందు పనిలో ఉన్న చిక్కు కూడా ఇదే. నవంబర్ దాకా వాన పడ్డ బయటి గోడలు డిసెంబర్‌లో పైకి ఆరినట్టే కనిపిస్తాయి, లోపల తడి ఉంటుంది. దాని మీద ఎమల్షన్ పడితే ఎండలు ముదిరేసరికి ఆ నీరు బయటికొస్తూ పొరను బుడగలుగా లేపుతుంది. నీటితో పాటు లవణాలూ వచ్చి తెల్లగా ఉప్పు పొంగుతుంది. ఉప్పగా ఉన్న బోరు నీటితో ప్లాస్టరింగ్ తడిపిన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. పొంగిన ఉప్పును తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, పొడి బ్రష్‌తో దులపాలి. కారే చోటు బాగుచేయకుండా వేసిన ప్రతి కోటూ వచ్చే ఏటి ఖర్చులోకి చేరుతుంది. ఆరని గోడలను వేసవి దాకా వదిలి, గట్టిగా ఉన్న లోపలి గోడలకే పండగ రంగు వేయించుకోవడం మేలు.

కోట్ల మధ్య వ్యవధి కూడా మారుతుంది. డబ్బా మీద నాలుగు గంటలని ఉంటే అది పొడి వాతావరణానికి. మబ్బు పట్టిన ఉక్క రోజున అంతకన్నా ఎక్కువ పడుతుంది. తొందరపడి రెండో కోటు లాగితే రోలర్ కింది పొరను ఎత్తేస్తుంది.

## గది మొత్తం ఖర్చు

అదే గది కొత్త ప్లాస్టరింగ్‌తో ఉందనుకుని గోడలు, సీలింగ్ కలిపి 489 చదరపు అడుగులకు అన్నీ వేద్దాం. రెండు కోట్ల లప్పం కిలోకు 12 చదరపు అడుగులు వస్తుందనుకుంటే సుమారు 41 కిలోలు, అంటే 40 కిలోల బస్తా ఒకటి, 5 కిలోల సంచి ఒకటి. ప్లాస్టరింగ్ గరుకుగా ఉంటే కిలోకు 9 చదరపు అడుగులే వచ్చి 54 కిలోలు పడుతుంది. ఈ సామాన్లన్నింటిలో గోడను బట్టి ఎక్కువగా మారేది లప్పమే. ప్రైమర్‌కు 5 శాతం వృథా కలిపి 4.3 లీటర్లు, అంటే 4 లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి. గోడలకు ఎమల్షన్ 3.1 లీటర్లు, సీలింగ్‌కు తెల్ల ఎమల్షన్ 1.2 లీటర్లు.

లప్పానికి 1,075, ప్రైమర్‌కు 750, గోడల ఎమల్షన్ 4 లీటర్ల డబ్బాకు 1,600, లీటరు 200 చొప్పున సీలింగ్‌కు రెండు లీటర్లకు 400, ఉప్పుకాగితం, టేపు, పాత దుప్పట్ల బదులు పరిచే ప్లాస్టిక్ షీటుకు 300 అనుకుంటే సామాను 4,125 రూపాయలు. లప్పం నుంచి పైకోటు దాకా కూలీ చదరపు అడుగుకు 14 అనుకుంటే 489కి 6,846, ఖాళీలు తీసేయని 592కి 8,288. కొలత పద్ధతి ఒక్కటే 1,442 రూపాయల తేడా తెచ్చింది. గోడల ఎమల్షన్ డబ్బా మొత్తం ధరకు అది దాదాపు సమానం. లీటరుకు యాభై రూపాయలు తక్కువ బ్రాండు వెతికితే ఈ గదిలో మిగిలేది 200.

అంచనా కాగితంలో ఇంకొక గీత చూసుకోవాలి. డబ్బా మీది ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది. ఎమ్మార్పీ వేసి దాని మీద మళ్లీ 18 శాతం అని రాసి ఉంటే అదే పన్ను రెండుసార్లు పడినట్టు. ఎమ్మార్పీ కన్నా తక్కువకు ఇచ్చే దుకాణాలు చాలానే ఉంటాయి కాబట్టి సామాను ఇంటివాళ్లే తెచ్చుకుంటే ఆ తగ్గింపు నేరుగా దక్కుతుంది.

ఫ్లాటంతా చేయించేటప్పుడు ప్రతి గదికీ డబ్బా సైజుకు సర్దకూడదు. ఒకే షేడ్ వేసే గదుల లీటర్లన్నీ దశాంశాలతోనే కూడి, చివర ఒక్కసారి పైకి సర్దాలి. సీలింగ్‌కు గదికి 1.2 చొప్పున నాలుగు గదులకు 4.8 లీటర్లు పడితే 4 లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి చాలు. గదికి రెండేసి కొంటే ఎనిమిది లీటర్లవుతుంది. మెషిన్‌లో షేడ్ కలిపిన డబ్బాను దుకాణాలు మామూలుగా వెనక్కి తీసుకోవు. అలాగని తక్కువ తెచ్చి, గోడ సగంలో ఉండగా మళ్లీ కలిపించుకుంటే రెండు డబ్బాల మధ్య రంగు కాస్త తేడా రావచ్చు. ఒక గదికి కావాల్సిన డబ్బాలన్నీ ఒకేసారి తెచ్చి, పెద్ద బకెట్‌లో కలిపేసుకుని మొదలుపెట్టాలి. మిగిలిన అర లీటరో లీటరో మూత బిగించి, షేడ్ కోడ్, తేదీ మూత మీదే రాసి దాచుకుంటే స్విచ్‌బోర్డు చుట్టూ మరకలకు పనికొస్తుంది.